మీసం ఫ్లెక్సీకి రాసిన చిట్టీ

పొద్దుగాల్ల చాయ్ తాగుకుంట ఫోన్ తెరిస్తే, అడగకుండనే పాత బొమ్మ ఒకటి పైకొచ్చింది. సింహాసనం మీద రాజు, ఇంత పొడుగు కోరమీసం, కత్తి ఉండాల్సిన చేతిల బట్టలు కోసే కత్తెర. మొఖం మాత్రం కుట్టు దుకాణంల నా పక్క మిషన్ మీద కుట్టే ఆడ దోస్తుది. నవ్వొచ్చింది, ఎంటనే ఫోన్ బోర్ల పెట్టిన.

మా మెట్‌పల్లిల పుట్టినరోజంటే కేక్ కన్నా ముందు ఫ్లెక్సీ పడాలె. బొమ్మ చేసిన గా యేడాది దోస్తుకు యాభై నిండుతున్నయ్. అందరి మీద జోకులేసే మనిషి మీద మేం ఒక్కటన్నా వెయ్యొద్దా అని, నా బిడ్డతోని ఫోన్ల గీ బొమ్మ చేపిచ్చిన. ఫ్లెక్సీ దుకాణమాయన పెండ్లిళ్ల గిరాకిల ఉండి, "ఇయ్యాలైతేనే అక్కా, రేపు నాతోని కాదు" అన్నడు. కొట్టమన్న. ఫ్లెక్సీ చుట్ట తెచ్చి, బిడ్డకు చెప్పకుండ తలుపెనుక పెట్టిన. సాయంత్రం బిడ్డ అడిగింది: "అవ్వా, ఆంటీని అడిగినవా? మొఖం ఆమెది గదా. ఫోన్ల అడిగితే మొహమాటానికి ఊ అంటది. రాసిద్దాం." కొట్టిచ్చిన అని చెప్పకుండ, కాయితం పెన్ను తెచ్చిచ్చిన. బిడ్డ కూసోని రాసింది:

"ఆంటీ, మా అక్క లగ్గంల మీరు నవ్విన ఫోటోల నుంచి మీ మొఖం ఒక్కటే తీసి, మీసం పెట్టి, రాజు బొమ్మకు అతికిచ్చిన, మీరు ఊ అంటే ఫ్లెక్సీ కొట్టిస్తం. బొమ్మ గీ చిట్టీతోనే పెడ్తున్న, చూడుండ్రి. మా ఇంట్లనే కడ్తం, కుట్టు దుకాణంల పనిచేసే ఐదుగురే చూస్తరు. చౌరస్తాల కట్టం, స్టేటస్ పెట్టం. వద్దంటే వద్దనుండ్రి, ఎందుకో చెప్పనక్కర్లే. కేక్ అయితే ఉంటది."

తెల్లారి దోస్తు చిట్టీ పట్టుకొని మా ఇంటికే వచ్చింది. సరిగ్గా గా తలుపుకే ఆనుకొని కూసున్నది. ఎనుకనే చుట్ట.

"మీసానికి ఏం ఫికర్ లేదక్కా, మా ఆయనకన్న నాకే మంచిగున్నది. గా ఫోటో మాత్రం వద్దు. అండ్ల నా బుజం మీద నన్ను కన్న మా అమ్మీ చెయ్యున్నది. మల్ల ఫోటో దిగకుండనే పోయింది ఆమె. చెయ్యి కోసి నన్నొక్కదాన్ని తీస్తె ఎట్ల? జర వేరేది తియ్యుండ్రి." కొంగు సర్దుకొని కిటికీ దిక్కు తిరిగింది. బిడ్డ ఫోన్ల ఆమెది కొత్త ఫోటో తీసి, "అవ్వా, ఫ్లెక్సీకి గిది ఇద్దామా?" అన్నది. ఇద్దరూ నా దిక్కే చూస్తున్నరు. కదలనీకి జాగ లేదు. ఆమెను జర లేపి, చుట్ట తీసి ముందల పెట్టిన.

విప్పింది. మీసం చూసి నవ్వింది. తర్వాత చూపు బొమ్మల రాజు బుజం మీదికి పోయింది.

"మరి చిట్టీ ఎందుకు రాయిచ్చినవ్ అక్కా?"

నా బిడ్డ నన్ను చూసిన చూపు ఇప్పటికీ యాదికున్నది. దోస్తు చుట్టను తనే చుట్టి, సంకల పెట్టుకొని పోయింది. పుట్టినరోజుకు వచ్చింది, కేక్ తిన్నది, జోకులేసింది. నా మీద మాత్రం ఒక్కటి వెయ్యలే. ఇప్పటికీ వేస్తలేదు.

ఒక్క పూట ముందుగాల అడిగితే అయిపోయేది. ఏండ్లు పోయినయ్ గని, గా ఒక్క పూట గడుస్తలేదు.