ముక్కు మీది సున్న

నాకు ఏడో నంబరు చీటీ వచ్చింది. తెరిచి చూడగానే సంతోషమేసింది, ఎందుకంటే అందులోని సర్క్యూట్ బొమ్మ నాకు కంఠతా వచ్చు. సూర్యాపేటలో మా డిగ్రీ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబులో ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష అది. పాసైతే డిగ్రీ చేతికొస్తుంది, లేకపోతే ఇంటికి పోయి కూర్చోవాలి. అది బెదిరింపు కాదు. రెండేళ్ల క్రితం ఇదే ల్యాబులో మా అక్క ఫెయిలైంది. ఆడపిల్లకు ఇంతవరకు చాలని నాయిన మళ్లీ ఫీజు కట్టలేదు. అప్పటినుంచి గరిడేపల్లిలో మా ఇంటి వసారాలో కుట్టుమిషన్ తొక్కుతోంది.

ఆ రోజు ఏం జరిగిందో అక్క నాకు వందసార్లు చెప్పుంటుంది. చీటీలోని బొమ్మను సొంతంగా లెక్కగట్టి పెట్టిందట. మొదటి స్విచ్చు ఆపి రెండోది వేసిన దగ్గర, అంటే సున్నా, ఒకటి దగ్గర, లైటు వెలగాల్సి ఉండగా వెలగలేదట. సార్ వైరింగ్ తప్పన్నాడట. "నాకు బుర్ర లేదే" అని నవ్వేది. ఆ నవ్వంటే నాకు ఒళ్లుమంట. పొద్దున బస్సెక్కించేటప్పుడు కూడా ఒకటే మాట చెప్పింది: "సొంత తెలివి పెట్టకు. రికార్డుల ఏమున్నదో గదే రాయి."

రికార్డంటే ప్రాక్టికల్ నోటుబుక్కు. సీనియర్లది జూనియర్లు దించుకుంటారు, సార్ ఎర్ర సిరాతో టిక్కు కొడతాడు. నాది అక్క రికార్డు చూసి దించినదే, అక్కది ఇంకెవరిదో చూసి దించినది. ఏడో ప్రయోగానికి జవాబు Y = A+B. అంటే A, B అనే రెండు స్విచ్చుల్లో ఏ ఒక్కటి వేసినా Y అనే లైటు వెలగాలి. ఒక్క ఆర్ గేటుతో పని ఖతం.

బొమ్మను జవాబు కాయితం మీదికి దించడం మొదలుపెట్టాను. పైన ఒక ఆర్ గేటు, దానికి A, B రెండూ వెళ్తాయి. కింద ఇంకో ఆర్ గేటు, దానికి A నేరుగా, B ఒక త్రికోణంలోంచి వెళ్తాయి. ఈ రెండింటి ఫలితాలు, రెండూ ఒకటైతేనే ఒకటిచ్చే యాండ్ గేటులోకి పోయి Y అవుతాయి. త్రికోణం దగ్గర పెన్సిలు ఆగిపోయింది. దాని ముక్కు నుంచి బయలుదేరాల్సిన గీత ముక్కుకు తగలడం లేదు. మధ్యలో బియ్యపు గింజంత ఖాళీ ఉంది. చీటీని కిటికీ వైపు ఎత్తి చూశాను. ఆ ఖాళీలో సన్నటి వంపు, అరిగిపోయిన సున్నలో సగం.

త్రికోణం ముక్కు మీద సున్న ఉంటే అది నాట్ గేటు, ఒకటిని సున్నా చేస్తుంది, సున్నాను ఒకటి చేస్తుంది. సున్న లేకపోతే వచ్చింది వచ్చినట్టు వదిలేస్తుంది. జిరాక్సుకు జిరాక్సు తీసి తీసి ఆ సున్న మాయమైనట్టుంది. అయినా అది లేకపోతే పైదీ కిందిదీ ఒకే గేటు అవుతుంది కదా, ఒకే పనికి రెండు గేట్లు ఎవడు గీస్తాడు? ఈ ప్రశ్న రికార్డు దించుకున్న ఒక్క మనిషికీ రాలేదా అని మండింది. నాకు మాత్రం అప్పటిదాకా వచ్చిందా?

సున్న ఉందనుకుని, తిరగబడిన B మీద గీత పెట్టి రాసి చూశాను. Y = (A+B)(A+B̄). విడదీస్తే A + AB̄ + AB + BB̄. చివరిది ఎప్పుడూ సున్నే. మిగిలినవాటిలోంచి A బయటికి తీస్తే A(1 + B̄ + B), అంటే వట్టి A. నమ్మకం కుదరక పట్టిక వేశాను. A, B రెండూ సున్నా అయితే Y సున్నా. A సున్నా, B ఒకటి అయితే పై గేటు ఒకటి, కింది గేటు సున్నా, కాబట్టి Y సున్నా. A ఒకటైతే B ఏదైనా సరే Y ఒకటే. లెక్కలో ఎక్కడా తప్పు లేదు.

ఇక స్విచ్చులు, లైట్లు ఉన్న కిట్టు మీద చూపించాలి. సింప్లిఫై చేసిన రూపమే పెట్టాలన్నది నియమం. వట్టి A అంటే గేటే అక్కర్లేదు, స్విచ్చు నుంచి లైటుకు ఒక్క వైరు చాలు. చుట్టూ అందరూ చిప్పులు గుచ్చుకుంటూ, వైర్లు అల్లుకుంటూ ఉంటే నేను ఒక్క వైరు పట్టుకుని కూర్చున్నాను. రికార్డు జవాబు రాసేస్తే హాయిగా పాసైపోతాను. కొట్టేసి A+B రాయడానికి నిజంగానే పెన్ను ఎత్తాను కూడా. ఎందుకు రాయలేదంటే ధైర్యం వల్ల కాదు, మొండితనం వల్ల. కళ్లముందు కనిపిస్తున్నదాన్ని లేదనడం నాకు చేతకాదు.

మిర్యాలగూడ నుంచి వచ్చిన ఎగ్జామినర్ మేడం నా బల్ల దగ్గరికి వచ్చి, ఒంటరి వైరును చూసి, పెట్టడం అయిపోయిందా అని అడిగింది. అయిందన్నాను. కాలేజీవాళ్లిచ్చిన జవాబుల కాయితం చూసుకుని A స్విచ్చును సున్నాలో, B స్విచ్చును ఒకటిలో పెట్టింది. లైటు వెలగలేదు.

"సున్నా, ఒకటి దగ్గర వెలగాలమ్మా."

అక్క నోటివెంట వందసార్లు విన్న మాట. అక్కకు వచ్చిందీ ఈ చీటీయే, అక్క పెట్టింది సరైనదేనన్నమాట. చీటీని బల్ల మీద చరిచాను. అక్క మీద జాలితో కాదు, కోపంతో.

కోదాడ నుంచి రోజూ వచ్చే మా సార్ గబగబా వచ్చి, వైరింగ్ తప్పు చేసుంటుంది మేడం అని నవ్వబోయాడు.

"వైరింగ్ కాదు సార్, మీ కాయితమే తప్పు. జిరాక్సుల సున్న వోయింది. అసలు బొమ్మ తీసి సూడుండ్రి" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. ల్యాబంతా చిప్పులు గుచ్చడం ఆపేసింది.

మేడం నా పట్టికను మొదటి వరుస నుంచి చివరిదాకా వేలుతో చూసింది. తర్వాత సార్‌ను అసలు కాయితం తెమ్మంది. సార్ బీరువా తెరిచి అట్టలన్నీ తిరగేశాడు. అంతసేపూ నేను బల్ల అంచు వదల్లేదు. ఈయన అది దొరకలేదంటే నా పని అయిపోయినట్టే. చివరికి ఒక పచ్చబడ్డ కాయితం తెచ్చి మేడం ముందు పెట్టాడు. చేత్తో గీసిన బొమ్మ, త్రికోణం ముక్కు మీద చక్కటి నల్లసిరా సున్న.

మేడం నా కాయితం మీద టిక్కు కొట్టింది. సార్ మాత్రం నా వైపు చూడలేదు. ఇన్నేళ్లూ ఎవరూ అడగలేదమ్మా అని మెల్లగా అన్నాడు. రెండేళ్ల కింద మా అక్క సరిగ్గనే పెట్టింది సార్, మీరే తప్పన్నరు అన్నాను. ఆయనకు అక్క గుర్తు లేదు.

ఆ చీటీని అడిగి తెచ్చుకున్నాను. ఇంటికి వెళ్లేసరికి అక్క జాకెట్టు ముక్క కత్తిరిస్తోంది. పాసైనట్టు చెప్పకుండా ముందు చీటీ చేతిలో పెట్టి, పోయిన సున్న ఎక్కడుందో చూపించాను. అక్క దాన్ని వెలుగుకు ఎత్తి చూసింది. గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో ఆ జాకెట్టు ముక్క మీదే పట్టిక వేసుకుంది. రెండో వరుస దగ్గర చెయ్యి ఆగింది.

"గప్పుడు లైట్ వెలగలే," అంది. "వెలగొద్దు గదా?"

"వెలగొద్దే అక్కా."

ఈసారి అక్క నవ్వలేదు. మళ్లీ ఫీజు కడదామని, సార్‌తో కాగితం రాయిద్దామని నేనేదేదో చెబుతున్నాను. బయట నాయిన కాళ్లు కడుక్కుంటున్న చప్పుడైంది. అక్క చీటీని తిరిగి నా చేతిలో పెట్టింది.

"నువ్వే చెప్పు నాయినకు. నేను జెప్తే ఫెయిలైనందుకు సాకు జెప్తున్ననంటడు."