మూడో అంకంలో రెండు పాదాలు

డొరీన్ లమ్‌కు అరవై ఒకటి. ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో ఒక బడి వంటగదిలో ఇరవై రెండేళ్లుగా పిల్లలకు వండి పెడుతోంది. గురువారం సాయంత్రాలు పెద్దల కళాశాలలో సాహిత్యం క్లాసుకు వెళ్తుంది. ఆ క్లాసులో ఆమెను చేర్పించింది భర్త క్లిఫ్. దుకాణాల మీద, లారీల మీద పేర్లు రాయడం అతని పని. ఫిబ్రవరిలో పోయాడు. అప్పటినుంచి డొరీన్ లేస్తోంది, పనికి పోతోంది, ఆదివారం ప్రార్థనకు పోతోంది. పాట వస్తే అందరితో కలిసి పాడుతోంది. లోపల మాత్రం ఏమీ కదలడం లేదు. దేవుడితో పోట్లాట లేదు. ఆయనకు చెప్పుకోవడానికీ ఏమీ తోచడం లేదు, అంతే.

మార్చిలో ఒక పాత పద్యనాటకం మీద వ్యాసం రాసి ఇచ్చింది. భర్త చనిపోయిన ఒక స్త్రీ మూడో అంకంలో ఎలా మాట్లాడుతుందన్నది విషయం. రెండు వారాలకు వ్యాసం తిరిగి వచ్చింది. పక్కన పది చోట్ల పెన్సిలుతో ఒకే మాట: ‘ఈ పాదాలు ఇక్కడ లేవు.’ చివర ఇంకొంచెం: ‘మంగళవారం రండి. మీరు చదివిన పుస్తకం తెండి. ఇవి దొరక్కపోతే పరీక్షల సంఘానికి రాయక తప్పదు.’

సంఘానికి రాస్తే ఏమవుతుందో క్లాసులో అందరికీ తెలుసు. మూలంలో లేనిది కల్పించారని తేలితే ఆ ఏడాది పోయినట్టే.

సోమవారం వంటగదిలో తనతో పనిచేసే బెరిల్ ట్రేలు తుడుస్తూ అడిగింది. “ఏంటే, ముఖం ఉతికి ఆరేసిన గుడ్డలా పెట్టావు?”

“లేని పాదాలు కల్పించి రాశానంటున్నారు.”

“నువ్వా? గ్రేవీలో ఉప్పెక్కువైతే పిల్లల వరసంతా తిరిగి చెప్పుకునే మనిషివి. కల్పించే తెలివి నీకుంటే ఇక్కడ గిన్నెలెందుకు తోముతావు?”

“రేపు మూడింటికి రమ్మన్నారు.”

“పో మరి. నీ ట్రేలు నేను చూస్తాలే. థాంక్సులు చెప్పకు, నాకు చిరాకు.”

మంగళవారం మూడింటికి సాహిత్యం చెప్పే నెస్టా ప్యూ గారి గదికి వెళ్లింది. ఆమె వేల్స్ నుంచి వచ్చిన మనిషి. మాట కొంచెం పాటలా సాగుతుంది. కూర్చోమని చెప్పి, హీటరును కాలితో డొరీన్ వైపు తిప్పింది.

“పుస్తకం తెచ్చారా అమ్మా?”

డొరీన్ సంచిలోంచి తీసింది. క్లాసులో అందరూ కొన్న కొత్త పుస్తకం కాదది. చర్చివాళ్లు పెట్టిన పాత సామాన్ల అమ్మకంలో క్లిఫ్ పెళ్లికి ముందెప్పుడో కొన్న పాత బడి ముద్రణ. నెస్టా మూడో అంకం తెరిచి, తన పుస్తకం పక్కన పెట్టుకుంది. కాసేపు అటూ ఇటూ చూసింది.

“ఓహో. మీ దాంట్లో మూడో అంకానికి మూడే రంగాలు. మా దాంట్లో నాలుగు. దూత వెళ్లిపోయాక మా సంపాదకుడు కొత్త రంగం మొదలుపెట్టాడు. మీ సంపాదకుడు ఆపకుండా లెక్కపెట్టుకుంటూ పోయాడు.”

“అంటే నేను రాసింది తప్పా?”

“చూద్దాం. మొదటిది చెప్పండి.”

“3.3.158. మూడో అంకం, మూడో రంగం, నూట యాభై ఎనిమిదో పాదం.”

“మా మూడో రంగం 146తో అయిపోతుంది. మీ 158లోంచి 146 తీసేస్తే పన్నెండు. 3.4.12.” నెస్టా వేలు పెట్టి చదివింది. అక్షరం తేడా లేదు. “ఉంది. రెండోది?”

అలా ఒక్కొక్కటీ. నెస్టా తీసివేతలు చేస్తుంటే డొరీన్ ఆమె చేతి వేళ్లనే చూస్తోంది. తొమ్మిదీ దొరికాయి.

“మీరు ఒక్క పని మర్చిపోయారు,” అంది నెస్టా. “విమర్శకుడి పుస్తకానికి పుట సంఖ్య ఇచ్చారు, సంపాదకుడి ముందుమాటకీ ఇచ్చారు, అవి సరే. పద్యానికి పుట ఇవ్వలేదు, అంకం, రంగం, పాదం ఇచ్చారు. అదీ సరే. పుట అయితే ఒక్కో పుస్తకంలో ఒక్కో చోట ఉంటుంది గదా. కానీ ఈ అంకెలు కూడా ముద్రణను బట్టి మారతాయి. ఏ ముద్రణ చదివారో మొదటి ఫుట్‌నోట్‌లో చెప్పి, ఇకమీదట అంకెలన్నీ దీనివే అని రాసేస్తే నేను ఇంత తిరిగేదాన్ని కాదు.”

“అంతేనా?”

“అంతే. పదోది?”

“3.3.201–202.”

నెస్టా తన దాంట్లో 3.4.55–56 చూసింది. మళ్లీ చూసింది. డొరీన్ పుస్తకం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి ఆ కాగితాన్ని వెలుగుకు పట్టింది.

“డొరీన్ గారూ, ఇది అచ్చు కాదు.”

పుట అడుగు ఎప్పుడో చిరిగిపోయింది. సన్నటి కాగితం ముక్క అతికించి, దాని మీద రెండు పాదాలు నల్ల సిరాతో రాసి ఉన్నాయి. అచ్చులో ఉన్నంత ఎత్తు, అంతే వాలు, అంతే ఎడం. డొరీన్ వేలితో తడిమింది. అంచు తగిలింది.

“మా ఆయన రాత,” అంది. “బోర్డులు రాసేవాడు.”

చిరిగినచోట అతను రాసుకున్నవి ఇవి: ‘అతని కుర్చీ అక్కడే ఉండనివ్వండి, / తలుపు తీసి ఉంచండి, వెలుగు రానివ్వండి.’ అసలు నాటకంలో ఉన్నవి వేరు: ‘అతని పేరు నా ముందు ఎత్తకండి, / ఆ తలుపు మూసేయండి, చీకటే నయం.’ అంకెలు సరిగానే ఉన్నాయి. మాటలే నాటకానివి కావు. వ్యాసం చివరి పేరా అంతా తీసి ఉంచిన ఆ తలుపు మీదే నడిచింది.

నెస్టా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది. “సంఘానికి నేనేం రాయను. మీరు కల్పించలేదు. కానీ ఇవి నాటకకర్తవని ఉంచడానికి వీల్లేదు. శుక్రవారంలోగా సరిచేసి ఇవ్వండి.”

“తీసేయాలా?”

“వ్యాసంలోకి అసలు పాదాలు రావాలి. ఇవి కావాలంటే ఫుట్‌నోట్‌లో ఉంచుకోవచ్చు, ఎవరివో చెప్పి. ఎవరి మాట వాళ్ల పేరు మీద ఉంటే చాలు, దాచక్కర్లేదు.” కెటిల్ వైపు లేస్తూ, “టీ తాగుతారా?” అంది. టీ వచ్చింది. పంచదార ఎంతో అడక్కుండానే రెండు చెంచాలు వేసింది నెస్టా. ఎప్పుడో క్లాసు విరామంలో గమనించి ఉంటుంది.

బుధవారం మధ్యాహ్నం డొరీన్ లైబ్రరీలో కూర్చుంది. మొదటి ఫుట్‌నోట్‌లో పాత ముద్రణ సంపాదకుడి పేరు, ఊరు, సంవత్సరం రాసింది. అంకెలన్నీ దీనివేనని రాసింది. అసలు పాదాలు రెండే గనక విడిగా దించకుండా వాక్యంలోనే కొటేషన్‌లో పెట్టి, మధ్య ఏటవాలు గీత గీసింది. అవి తన పుస్తకంలో లేవు గనక వాటికి మాత్రం క్లాసు పుస్తకం పేరు చెప్పి 3.4.55–56 వేసింది. అడుగున ఇంకో నోటు: ‘నేను వాడిన ప్రతిలో ఈ పుట చిరిగింది. ఆ స్థానంలో పుస్తకం సొంతదారు క్లిఫర్డ్ లమ్ తన మాటల్లో రెండు పాదాలు రాశాడు. అవి నాటకంలోవి కావు.’ కింద ఆ రెండు పాదాలూ ఎక్కించింది.

అతను మర్చిపోయి అలా రాశాడో, అసలువి నచ్చక రాశాడో ఆమెకు తెలియదు. అడగడానికి మనిషి లేడు. ఏడుపొస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

చివరి పేరా మొత్తం కొట్టేసి మళ్లీ రాసింది. పేరు వినలేక తలుపు మూయించుకునే స్త్రీ గురించి. ఎక్కడా ఆగలేదు. దాని గురించి ఎక్కువ ఆలోచించవలసిన అవసరం పడలేదు.

మూడు వారాలకు మార్కులు వచ్చాయి.

“ఎంతే?” అంది బెరిల్ పొయ్యి దగ్గర్నుంచి.

“యాభై ఎనిమిది.”

“పాసేగా?”

“పాసే. ఆ నోటు పక్కన టిక్కు కొట్టింది ఆవిడ.”

“ఏ నోటు?”

“క్లిఫ్‌ది.”

బెరిల్ గరిటె డొరీన్ చేతిలో పెట్టింది. “ఆ కస్టర్డు కలుపు, అడుగంటుతోంది.”

డొరీన్ కలపసాగింది.