లాకు దగ్గర మాట్లాడకూడని రోజులు

నా భార్య పోయిన ఏడే నన్ను లాకు దగ్గరికి పంపారు. అప్పుడు నేను ధవళేశ్వరంలో కాలవల ఆఫీసులో గుమాస్తాని. పిల్లని రాజమండ్రిలో మా అత్తగారు పెంచుతున్నారు. ఒంటరిగా ఉన్నవాడు కనక ఎక్కడికి పంపినా ఇబ్బంది లేదని ఓవర్సీరుగారు అనుకుని ఉంటారు. నేనూ కాదనలేదు.

పని ఇదీ. మా కాలవల మీద పడవలు నడవాలంటే మధ్యమధ్య లాకులుండేవి. నీటి మట్టం ఒక్కసారిగా దిగే చోట కాలవకి అడ్డంగా రెండు జతల తలుపులు, నడుమ రాతి గోడల తొట్టి. తలుపుల అడుగున తూములు, ఎత్తితే నీళ్లు పారతాయి, దించితే ఆగుతాయి. పడవని తొట్టిలోకి తెచ్చి, తలుపులు మూసి, తూములతో నీళ్లు నింపో, వదిలో, పడవని ఎక్కించడమో దించడమో చేస్తారు. ఆ పని చూసే మనిషిని లస్కరు అనేవాళ్లం. కొత్త లస్కరు చేరితే ఆఫీసు ఒక తెలుగు కాగితం చేతికిచ్చేది. ఇంగ్లీషులో ఉన్నదాన్ని ఎప్పుడో ఎవరో తెనిగించినది.

అంతకు ముందు పంటకాలంలో పాలకొల్లు వైపు పోయే ధాన్యం పడవ ఒకటి ఆ లాకులో ఒరిగిపోయింది. పడవ దిగుతోంది. చేరి ఎన్నాళ్లో కాని లస్కరు దాన్ని గట్టు మీది రాతి గుంజకి గట్టిగా ముడేయించి, దిగువ తూములు ఎత్తేశాడు. నీళ్లు దిగాయి, తాడు దిగలేదు. పడవ ఒక పక్కన వేలాడింది, బస్తాలన్నీ నీళ్లలోకి జారాయి. మనుషులు దూకి బతికారు. విచారణలో అతను ఒక్కటే మాట చెప్పాడట. కాగితంలో పడవని కట్టమని ఉంది, కట్టాను అని. కాగితంలో అలాగే ఉంది. అయినా అతన్ని తీసేశారు.

ఓవర్సీరుగారికి ఆ మాట మనసులో ఉండిపోయింది. కొత్త మనిషిని వేసి, నన్ను పిలిచారు.

"ఆ కాగితం తిరగరాయండి. రాసి అతనికివ్వండి. అతను దాన్ని చూసి పని చేస్తుంటే మీరు పక్కన నిలబడండి. ప్రమాదమైతే తప్ప నోరు విప్పకండి. మీరు నోటితో చెప్పిందల్లా కాగితంలో లేనట్టే లెక్క" అన్నారు.

పడవలోనే వెళ్లాను. లాకు పక్కన లస్కరుకిచ్చే పెంకుటింట్లో రెండు గదులు, ఒకటి నాకు. ఊరు దూరం. చుట్టూ వరిచేలు, గట్టు మీద తాటిచెట్లు. పొద్దున్నించి సాయంత్రం దాకా పడవలు వస్తూనే ఉండేవి. వాటి నిండా జనం. పిల్లల ఏడుపులు, వంటల పొగ, పెళ్లివారి మాటలు. నీళ్లు నిండేదాకా మా ముందు ఆగేవారు, తలుపులు తెరుచుకోగానే వెళ్లిపోయేవారు. అంతమంది మనుషుల్ని చూస్తూ అంత ఒంటరిగా నేనెప్పుడూ లేను. ఆదివారాలు మరీ కష్టంగా ఉండేది. దగ్గర్లో మా చర్చి లేదు. గదిలో కూర్చుని ఒక్కణ్ణే పాట మొదలుపెట్టి, నా గొంతు నాకే వినబడి ఆపేసేవాణ్ణి.

కొత్త లస్కరు నా ఈడువాడే. పెద్దాపురం వైపు నేతపని చేసుకునేవాడు, అది సాగక ఇటు వచ్చాడు. వీధిబడిలో నేర్చిన చదువుతో కూడబలుక్కుని చదివేవాడు. నీళ్ల పని అసలు తెలియదు. అవతలి గట్టున తలుపు దూలాలు తోసే కూలీలిద్దరికి తెలుసు కాని, వాళ్లనీ చెప్పవద్దన్నాను. అతనేం చెయ్యమంటే అది చెయ్యాలి, అంతే.

మొదట పాత కాగితాన్నే ఇచ్చి చూశాను. అందులో ఎక్కే పడవ సంగతి అంతా ఒకే వాక్యం. "పడవ ప్రవేశించిన పిమ్మట ఎగువ తూములు తగు జాగ్రత్తతో తెరవబడవలెను, అయితే అంతకు మున్ను దిగువ తలుపులును తూములును మూయబడి యుండవలెను." అతను వేలు పెట్టి చదువుతూ, తెరవబడవలెను అన్న చోటికి రాగానే కాగితం చంకలో పెట్టుకుని వెళ్లి ఎగువ తూములు ఎత్తాడు. దిగువ తలుపులు పడవ రాగానే మూయించాడు కాని, వాటి తూములు ఎత్తే ఉన్నాయి. పైనుంచి వచ్చిన నీళ్లు వచ్చినట్టే కింది నించి పోతున్నాయి. పడవ తొట్టిలో ఊగుతోందే తప్ప పైకి లేవడం లేదు. అతను నీళ్లకేసి చూశాడు, నాకేసి చూశాడు. నేను చేలకేసి చూశాను. పడవవాళ్లు తిట్టడం మొదలుపెట్టాక అతను కాగితం తీసి, మిగతా సగం చదివి, పరుగెత్తికెళ్లి తూములు దించాడు.

ఆ సాయంత్రం వాకిట్లో అరుగు మీద కూర్చుని రాశాను. ముందు చెయ్యవలసింది ముందు ఉండాలి. ఇంగ్లీషువాడు 'దీన్ని మూశాక దాన్ని తెరువు' అనే సంగతిని తలకిందులుగా చెప్పినా వాడి భాషలో చెల్లుతుంది. మనకి చెల్లదు. మన వాక్యం నడిచే వరసలోనే మన చెయ్యీ నడుస్తుంది. వాక్యాన్ని ముక్కలు చేశాను. ఒక్కో ముక్కకి ఒక్క పని, దానికో అంకె. ఎక్కే పడవకి ఒక కాగితం, దిగే పడవకి వేరే కాగితం. పాతదాంట్లో రెండూ కలిసిపోయి ఉండేవి.

తెల్లారి అతను 'పై తలుపు' అన్న చోట ఆగిపోయాడు. తలుపు పైభాగం కేసి చూస్తూ నిలబడ్డాడు. అది కొట్టేసి అంతటా 'ఎగువ', 'దిగువ' అనే రాశాను. పాతదాంట్లో ఒకే వస్తువుని ఒకచోట కవాటమనీ, ఇంకోచోట ద్వారమనీ అన్నారు, నేనూ అలాగే దించాను. అతను అవి వేరు వేరు అనుకుని వెతికాడు. అంతటా తలుపే చేశాను. 'మూయబడవలెను' అంటే ఎవరు మూయాలి? లస్కరు మూయాలి, పడవవాడు తాడు పట్టుకోవాలి అని మనిషిని పెట్టి రాశాను.

దిగే పడవ కాగితానికి ఎక్కువ కాలం పట్టింది. ఎగువ తలుపుల లోపలి వైపు, నీళ్ల కింద, రాతి గడప ఒకటి ఉంటుంది. తొట్టి నిండుగా ఉన్నప్పుడు కనబడదు. నీళ్లు దిగేటప్పుడు పడవ వెనక కొస దాని మీద ఉంటే అక్కడే కూర్చుండిపోతుంది, ముందు కొస కిందికి పోతుంది. పాత కాగితంలో 'ఎగువ తలుపులకు దూరముగా నిలుపవలెను' అని ఉంది. అతను దూరంగానే నిలిపాడు, తన కంటికి తోచినంత దూరం. తూము ఎత్తబోతుంటే మొదటిసారి నోరు విప్పాను.

"ఆగు" అన్నాను.

ఆగాడు. పడవని ముందుకి జరిపించి, తొట్టి ఖాళీ చేయించి గడప చూపించాను. దానికి కాస్త ముందుగా గోడ మీద సున్నంతో నిలువు గీత గీయించాను. పడవ వెనక కొస గీత దాటి దిగువ వైపుకి వచ్చాకే ఎగువ తలుపులు మూయాలి అని రాశాను. ఇక తాడు సంగతి. గుంజకి ముడి వెయ్యకూడదు. ఒక్క చుట్టు చుట్టి, కొస పడవవాడు చేత్తో పట్టుకుని, నీళ్లు దిగుతున్నకొద్దీ వదలాలి. ఆ మాట తూములు ఎత్తే మాటకి ముందు అంకెలో పెట్టాను. తాడు పడవవాడి చేతిలో ఉందని కళ్లతో చూశాకే తూము ముట్టాలి. తూములు మొదట కొంచెం, పడవ కుదురుకున్నాక పూర్తిగా.

పగలంతా మేం మాట్లాడుకోకూడదు కనక సాయంత్రాలే మాటలు. అతను గట్టు దిగువన తన పొయ్యి మీద వండుకునేవాడు. నా చేతి అన్నం తినడు. నేనూ పెట్టలేదు. వండటానికి ముందు కాగితం పట్టుకుని అరుగు దగ్గరికి వచ్చేవాడు. "ఇది ఏంటండి బాబుగారండి, సమానమైన పిమ్మట అంటే ఎలా తెలుస్తాదండి?" అని అడిగేవాడు. తూములోంచి చప్పుడు ఆగి, రెండు వైపులా నీళ్లు ఒకే మట్టంలో కనబడినప్పుడు అని రాసేవాణ్ణి. రోజంతా ఆ ఘడియ కోసం ఎదురుచూసేవాణ్ణని మెల్లగా తెలిసింది. ఎవరైనా నన్నొక మాట అడిగి ఎన్నాళ్లయిందో!

కాగితం బాగుపడుతున్నకొద్దీ అతని ప్రశ్నలు తగ్గాయి. ఒక సాయంత్రం వచ్చి నిలబడి, చేతులు కట్టుకుని, "ఇయ్యాల అడగడానికి ఏం లేదండి" అన్నాడు.

"మంచిది" అన్నాను.

మంచిదే. నన్ను పంపింది అందుకే. అతను వెనక్కి తిరిగి నాలుగడుగులు వేశాడు. ఆ వీపు చూస్తే లోపల ఏదో ఖాళీ అయింది. పిలిచాను. మగ్గం ఎవరు చూసుకుంటున్నారని అడిగాను. అమ్మేశానన్నాడు. తర్వాత అరుగు కింద కూర్చుని, ఆ మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని తన తండ్రి ఎలా పాడేవాడో, పెళ్లాం ఇప్పుడు ఎవరింట్లో దంపుళ్లకి పోతోందో చెప్పాడు. నీకూ ఎవరూ లేనట్టే ఉందే అన్నాను. "ఉన్నారండి. ఇక్కడ లేరండి, అంతే" అన్నాడు. నా సంగతి అడగలేదు. నేనే చెప్పాను, నా భార్యకి జబ్బు చేసిన సంగతి, పిల్ల నన్ను చూసి కొత్తవాణ్ణి చూసినట్టు దాక్కోవడం. ఆ రోజు వంటకి అతనికి ఆలస్యమైంది.

ఆఫీసుకి కాగితాలు పట్టుకెళితే హెడ్ గుమాస్తాగారు చదివి మొహం చిట్లించారు. "ఇది సర్కారు కాగితమండీ. ఇంట్లో పనిమనిషికి చెప్పినట్టుంది" అన్నారు. 'తగు జాగ్రత్తతో' అన్న మాట తీసేసినందుకు మరీ కోపం వచ్చింది. తగు జాగ్రత్త అంటే ఏం చెయ్యాలో అంతా విడిగా రాశానని, ఆ మాట మళ్లీ పెడితే చదివేవాడు దాని దగ్గర ఆగి ఆలోచిస్తాడని చెప్పాను. ఓవర్సీరుగారు ఇద్దరి మాటా విని, పైన శీర్షిక హెడ్ గుమాస్తాగారి భాషలో ఉంచారు, కింద అంకెలన్నీ నావి ఉంచారు. నకళ్లు రాయించి, పలకలకి అతికించి, ఆ కాలవ మీద లాకులన్నిటికీ పంపారు. నన్ను మళ్లీ నా బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

మరుసటి ఏడు ఏదో పని మీద పాలకొల్లు వెళుతూ ఆ లాకు దాటాను. మాది దిగే పడవ. అతను గట్టు మీద ఉన్నాడు, కాస్త ఒళ్లు చేశాడు. పలక గోడకి వేలాడుతోంది, అతను దానికేసి చూడటం లేదు. మా పడవ గీత దాటిందో లేదో చూశాడు, తలుపులు మూయించాడు, పడవవాడి చేతిలో తాడు చూశాడు. అప్పుడు నన్ను చూశాడు. మొహం విప్పారింది. రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

పెళ్లాన్ని తెచ్చుకున్నావా అని అడగాలనుకున్నాను. ఈలోగా అతను తూములు ఎత్తాడు. నీళ్ల చప్పుడులో మాట వినబడదు. మా పడవ గోడల నడుమ కిందికి దిగింది. అతని మొహం పోయింది, పాదాలు పోయాయి, తడి రాయి మిగిలింది. దిగువ తలుపులు తెరుచుకున్నాక వెనక్కి తిరిగి చూశాను. దిగువన ఎక్కడానికి పడవలు బారులు తీరి ఉన్నాయి. అతను వాటికేసి తిరిగి ఉన్నాడు. పెంకుటింటి వాకిట్లో ఒక చీర ఆరేసి ఉంది. అది చూసి సంతోషించాను. పడవలో పక్కన కూర్చున్నాయన ఎవరో తెలిసినవాళ్లా అని అడిగాడు. తెలుసునండీ అన్నాను.