పైకెళ్తూ వేడెక్కిన డబ్బా

ఒక రైతును పొద్దున్నుంచి పోలీసు చౌకీలో కూర్చోబెట్టారన్న సంగతి మా ఆఫీసుకు తెలిసేసరికి మధ్యాహ్నమైంది. అతను చేసిన నేరం, మా డబ్బా తన పొలంలో పడటం.

నేను జగదల్‌పూర్‌లో వాతావరణ బెలూన్లు ఎగరేసే ఉద్యోగంలో ఉన్నాను. బెలూన్ కింద చిన్న థర్మోకోల్ డబ్బా కడతాం. అది పైకి పోతూ వేడిమి, తేమ, గాలి పీడనం కొలిచి రేడియో ద్వారా మాకు పంపుతుంది. బాగా ఎత్తుకు పోయాక బెలూన్ పగిలి, డబ్బా పారాచూట్‌తో ఎక్కడో దిగుతుంది. వానాకాలంలో పైగాలులు తూర్పు నుంచి వీస్తాయి కాబట్టి పడమటి అడవుల్లోనో, పొలాల్లోనో పడుతుంది. ఆసారి గీదం ఊరు దాటాక ఒక వరిమడిలో పడింది. రైతు దాన్ని ఇంటికి తెచ్చి చూరుకు వేలాడదీశాడు. ఎవరో చూసి చౌకీలో చెప్పారు. తమ క్యాంపు మీద నిఘాకు ఎవరో పంపిన యంత్రమని చౌకీవాళ్లు అనుమానించారు.

చౌకీ నుంచి ఫోన్ వస్తే మావాళ్లు ఆ డబ్బా ఎగిరిన రోజు వేడిమి గీతను, అంటే గ్రాఫును, ఫోన్‌లో పంపారు. దాంతో అనుమానం తీరకపోగా ఇంకా పెరిగింది. ఆ రైతు, అతని భార్య తెలుగు మాట్లాడతారని తెలిసి, తెలుగు నేలకు ఆనుకొని ఉన్న కోంటాలో పుట్టి పెరిగినదాన్ని కనుక నన్ను జీపులో పంపారు.

నేను వెళ్లేసరికి రైతు వరండాలో గోడకానుకొని కూర్చున్నాడు. అతని భార్య గేటు బయట ఎండలో నిలబడి ఉంది. లోపలికి రానివ్వలేదట.

చౌకీ అధికారి గీత చూపించి హిందీలో అన్నాడు: "చూడండి మేడం. మొదట చల్లబడింది, అంటే పైకెళ్లింది. ఇక్కణ్నుంచి వేడెక్కింది, అంటే కిందికి దిగింది. తర్వాత గీత లేదు. మా క్యాంపు మీదికి దించి, ఆపేశారు. ఎవరు నడిపారు?"

"ఎవరూ నడపలేదు. వేడెక్కేటప్పుడూ అది పైకే పోతోంది."

"పైకి పోతే చల్లబడుతుందని మీరే అంటారు కదా!"

"కింది పొరలో అంతే. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడి చేయదు, నేలను వేడి చేస్తుంది. నేల నుంచి గాలికి వేడి అందుతుంది. ఆ గాలి పైకి లేచేకొద్దీ మీద బరువు తగ్గి వ్యాకోచిస్తుంది, చల్లబడుతుంది. మన దగ్గర ఆ పొర దాదాపు పదహారు, పదిహేడు కిలోమీటర్ల దాకా ఉంటుంది. దాని పై పొరలో ఓజోన్ ఉంది. అది సూర్యుడి అతినీలలోహిత కిరణాలను పీల్చుకొని అక్కడి గాలిని అక్కడే వేడి చేస్తుంది. పైకెళ్లేకొద్దీ ఆ కిరణాలు బలంగా తగులుతాయి, గాలేమో పలచన. అందుకే వేడిమి పెరుగుతుంది."

అతను నవ్వాడు. "సూర్యుడికి దగ్గరవుతుంది కాబట్టి అనండి."

నాకు ఒళ్లు మండిపోయింది. అంత దూరంలో ఉన్న సూర్యుడికి ఈ కాస్త ఎత్తు ఒక లెక్కా? అదే కారణమైతే కింది పొరలో పైకెళ్లేకొద్దీ ఎందుకు చల్లబడుతుంది?

నేను తెచ్చిన పీడనం గీతను వేడిమి గీత పక్కన పెట్టాను. "దిగుతుంటే పీడనం పెరగాలి. ఇది చివరిదాకా తగ్గుతూనే ఉంది. బెలూన్ పగలగానే మేం నమోదు ఆపేస్తాం, అందుకే గీత ఆగింది. ఆగిన చోట వేడిమి మైనస్ నలభై. మీ క్యాంపు మీద మైనస్ నలభై ఎప్పుడైనా చూశారా?"

అతను పీడనం గీత మీద వేలు పెట్టి చివరిదాకా జరిపి చూశాడు. బయటికెళ్లి ఎవరికో ఫోన్ చేశాడు. తిరిగొచ్చి, "సరే, తీసుకెళ్లండి" అన్నాడు. తప్పయిందన్న మాట లేదు. పైగా రైతు వైపు తిరిగి, "ఇలాంటివి దొరికితే ముట్టుకోకూడదని తెలియదా? దాని మీద రాసి లేదా?" అని గద్దించాడు.

రాసి ఉంది. ప్రమాదం లేదని హిందీలో, ఇంగ్లీషులో రాసి ఉంది. ఆ రైతుకు రెండూ చదవడం రాదు. తెలుగులోనూ, గోండీలోనూ ఒక్కో ముక్క రాయండని నేను అంతకుముందే అడిగితే, డబ్బాలు తయారై వచ్చేది అలాగేనని మా ఆఫీసు పెద్దాయన కొట్టిపారేశాడు. చౌకీ మీద ఎంత కోపం వచ్చిందో, మా ఆఫీసు మీదా అంతే వచ్చింది.

దంపతులను జీపులో వాళ్ల ఊరికి తీసుకెళ్లాను.  రైతు భార్య దారంతా నన్ను నిలదీసింది.

"ఏందక్కా ఇది? ఆ డబ్బా మీదేనా?"

"మాదే. అది పైకెళ్లి వేడెక్కితే, కిందికి దిగిందని వాళ్లు అనుకున్నారు."

"మీ డబ్బా మీదికి పోయి ఎచ్చబడితే మా ఆయన్నెందుకు పట్టుకపోవాలె? పొద్దుగాల్నుంచి ఒక్క బుక్క కూడ తినలే. నీళ్లియ్యమంటే గూడ కసురుకున్నరు."

"ఆ గీతను వాళ్లు తప్పుగా చదివారమ్మా."

"తప్పు చదివినోళ్లు కుర్సీల కూసున్నరు. హిందీ చదువ రానోడు నేల మీద కూసున్నడు. మంచిగుంది."

జీపు వాళ్ల ఇంటి ముందు ఆగింది. రైతు దిగి, కాళ్లు తిమ్మిరెక్కి కాసేపు కదల్లేకపోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకొని లోపలికి నడిపించుకుపోయింది. నన్ను రమ్మనలేదు. పిలవాల్సిన అవసరమూ లేదు.

మర్నాడు నల్ల మార్కర్ కొని, ఎగరేయబోయే డబ్బా మీద తెలుగులో నేనే రాశాను: "ఇది వాతావరణం కొలిచే డబ్బా. భయం లేదు." పెద్దాయన చూసి ముఖం చిట్లించాడు. చెరపమంటే చెరపనని చెప్పాను.