ఆరుగురూ ఒకే మనిషి

అమెరికాలో, వర్జీనియాలోని హెర్న్‌డన్‌లో నేను పనిచేసిన కంపెనీ ఇంటర్నెట్‌లో కంప్యూటర్ పాఠాలు అమ్మేది. వీడియో పాఠాలు ఎవరైనా అమ్ముతారు. మా గొప్పంతా ప్రాక్టీస్ సర్వర్లలో ఉండేది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంటే ఊపిరాడక ఆగిపోయే పెద్ద డేటాబేస్‌ని మా సర్వర్ల మీద ఆడించి, పాడుచేసి, మళ్ళీ నిలబెట్టి నేర్చుకోవచ్చు. మొదటి పద్నాలుగు రోజులు ఫ్రీ ట్రయల్, కార్డు నంబరు మాత్రం ముందే ఇవ్వాలి. నచ్చితే ఏడాదికి ఒకేసారి పెద్ద మొత్తం కట్టాలి, నెలనెలా కట్టే వీలు లేదు.

ట్రయల్ అయిపోగానే కొత్త ఈమెయిల్ సృష్టించుకుని మళ్ళీ వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. వాళ్ళని పట్టే పని నాకిచ్చారు. పాత ఈమెయిల్ అయినా, పాత కంప్యూటర్ అయినా, పాత కార్డు అయినా సరే, ఏ ఒక్కటి కలిసినా అది ఒకే మనిషి అని తేల్చేట్టు రాశాను. అక్కడితో ఆగితే బాగుండేది. తిప్పి పంపిన ప్రయత్నంలో ఏ కార్డు, ఏ ఈమెయిల్ ఇచ్చారో వాటిని కూడా ఆ మనిషి కిందే కలిపేసేట్టు ఇంకో నాలుగు లైన్లు చేర్చాను. దొంగ ఇంకో తలుపు దగ్గరకి వెళ్ళినా దొరికిపోతాడని నా తెలివి. మీటింగ్‌లో చప్పట్లు కొట్టారు. అదే నెలలో నా గ్రీన్‌కార్డు ఫైలు కదిలింది. ఆ రెండిటికీ సంబంధం ఉందని నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతాను.

ఆ వేసవిలో ఒక సాయంత్రం న్యూజెర్సీలోని పిస్కాటవే నుంచి ఫోన్ వచ్చింది. వరంగల్‌లో నా క్లాస్‌మేట్ చెల్లెలు. మాస్టర్స్ పూర్తయి ఉద్యోగం వెతుక్కుంటోంది. చదువు తర్వాత ఇచ్చే పని అనుమతిలో, ఉద్యోగం లేకుండా తొంభై రోజులే ఉండొచ్చు, ఆ తర్వాత దేశం వదలాలి. ఆమెకి డెబ్భై ఆరు అయిపోయాయి.

“అన్నా, ఇంకో తొమ్మిది రోజులకి క్లయింట్ ఇంటర్వ్యూ ఉంది. థియరీ అంతా వచ్చు. సర్వర్ పడిపోతే ఎట్ల లేపాల్నో చేసి చూపించమంటరట, స్క్రీన్ షేర్ చేసి. అది చేత్తో ఒక్కసారి కూడా చేయలె. మీ కంపెనీ ట్రయల్ తీసుకుందామని పోతే, మీరు ఆల్రెడీ వాడేశారు, ట్రయల్ దొరకదు అంటుంది.”

“ఎవరి ల్యాప్‌టాప్?”

“మా రూమ్‌ది అన్నా. ఆర్నెల్ల కింద రూమ్మేట్ వాడింది, సీనియర్ అక్క కార్డు మీద. నాది వేరే ఈమెయిల్, నా సొంత డెబిట్ కార్డు. అయినా రాలె. లైబ్రరీలో కంప్యూటర్ మీద ట్రై చేసినా అదే వస్తుంది.”

లైబ్రరీలో ఎందుకు రాలేదో నాకు వెంటనే అర్థమైంది. మొదటిసారి రూమ్ ల్యాప్‌టాప్ మీద తన కార్డు నంబరు కొట్టిన క్షణంలోనే ఆ కార్డు రూమ్మేట్‌కి అతుక్కుపోయింది. నా నాలుగు లైన్లే ఆ పని చేశాయి. చూస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను.

మర్నాడు ఆఫీసులో చూశాను. ఆ ఒక్క ఇంట్లోంచి ఆరు పేర్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక క్రెడిట్ కార్డు, దానికి తగులుకున్న ఇంకో నాలుగు డెబిట్ కార్డులు. అన్నిటినీ నా ప్రోగ్రాం ఒకే గాటన కట్టేసింది. ఆ ఇల్లు నేను చూడకపోయినా నాకు తెలుసు. చదువుకునే రోజుల్లో మేమూ ఐదుగురం అలాగే ఉన్నాం. కొత్తగా దిగినవాడికి క్రెడిట్ కార్డు ఎవరూ ఇవ్వరు కాబట్టి ఇంటికల్లా పాతవాడి కార్డే అందరి కార్డు. ఫోన్ ప్లాన్ దాని మీదే, విమానం టికెట్ దాని మీదే. ల్యాప్‌టాప్ కూడా ఎవరి ఇంటర్వ్యూ దగ్గరపడితే వాళ్ళది. ఇంత తెలిసినవాణ్ణి ఆ ప్రోగ్రాం రాసేటప్పుడు ఇదంతా ఎక్కడ పెట్టి మరిచిపోయానో!

ఇలా మూసుకుపోయినదాన్ని తెరవడానికి పద్ధతి లేకపోలేదు. సపోర్ట్ టీం ఒప్పుకుంటే ఒక్కరికి విడిగా ట్రయల్ ఇవ్వొచ్చు. ఆ అమ్మాయి సపోర్ట్‌కి ఉత్తరం కూడా రాసింది, పాస్‌పోర్ట్ కాపీ జతచేసి. మధ్యాహ్నం సపోర్ట్ లీడ్, యాభై దాటిన అమెరికన్ ఆవిడ, నెమ్మదైన మనిషి, ఆ ఉత్తరం పట్టుకుని నా సీటు దగ్గరకి వచ్చింది.

“ఆరు పేర్లు, ఒక కంప్యూటర్, ఒక క్రెడిట్ కార్డు. ఇలాంటి ఇళ్ళు చాలా కనిపిస్తున్నాయి. ఇదేమైనా ముఠానా? ఈ అమ్మాయి మాత్రం నిజమే చెబుతున్నట్టుంది. నీకేమనిపిస్తుంది, ఇది ఒకే మనిషా?” అని అడిగింది.

నన్నే ఎందుకు అడిగిందంటే ప్రోగ్రాం నాది కాబట్టి. కానీ నాకు అలా వినపడలేదు. మీవాళ్ళే కదా, నీకు తెలియదా అన్నట్టు వినపడింది. గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు తడుముకున్నాను. మా ఇళ్ళలో ఒక కార్డుతో ఆరుగురు బతుకుతారని ఆవిడకి చెప్పడానికి సిగ్గేసింది. చెబితే, మరి ఈ రూలు తప్పుగా రాశావన్నమాట అంటారు. ఆ ప్రశ్న మేనేజర్ దాకా వెళ్తుంది. నా గ్రీన్‌కార్డు ఫైలు వాళ్ళ చేతుల్లో ఉంది.

“సిస్టం మ్యాచ్ అయిందనే చెబుతోంది,” అన్నాను.

“సిస్టం సంగతి కాదు, నువ్వేమంటావు?”

“ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు.”

ఆవిడ నా మొహంలోకి ఒక్క క్షణం చూసి, సరే, నీకు బాగా తెలుసు కదా అని వెళ్ళిపోయింది. సాయంత్రానికి ఆ అమ్మాయికి జవాబు వెళ్ళింది: మా రికార్డుల ప్రకారం మీరు ఉచిత ట్రయల్ ఇదివరకే వినియోగించుకున్నారు.

నా డబ్బుతో ఏడాది చందా కొని ఇచ్చి ఉండొచ్చు కదా అని మీరు అడగొచ్చు. అదీ ఆలోచించాను. నా కార్డు ఆమె ఈమెయిల్‌కి తగిలితే వారం చివర మేనేజర్‌కి వెళ్ళే రిపోర్టులో ఆ గుంపుతో పాటు నా పేరూ వస్తుంది. అలా వచ్చేట్టు రాసింది నేనే. పిరికివాడికి కారణాలు కరువా?

రాత్రి ఆమెకి ఫోన్ చేసి, పాలసీ చాలా స్ట్రిక్ట్‌గా ఉందమ్మా, నా చేతుల్లో లేదు, యూట్యూబ్‌లో చూసి ప్రిపేర్ అవ్వు అన్నాను. చూస్తున్నా అన్నా అంది. ఎవరో చేసిన పనిని చూసి నోట్సు రాసుకుంటోందట.

ఇంటర్వ్యూలో సరిగ్గా అదే అడిగారు. ఆమె స్క్రీన్ ముందు కూర్చుంటే ఒక సర్వర్‌ని వాళ్ళే పడగొట్టి, ఇప్పుడు లేపండి అన్నారట. నోట్సులో రాసుకున్న కమాండ్ కొడితే నోట్సులో లేని ఎర్రర్ వచ్చింది. నలభై నిమిషాల ఇంటర్వ్యూ పదిహేను నిమిషాల్లో అయిపోయింది. మిగిలిన అయిదు రోజుల్లో ఇంకో ఇంటర్వ్యూ దొరకలేదు.

ఆమె ట్రయల్ రికార్డు ఆ తర్వాత ఒకసారి తెరిచి చూశాను. ఒక గడిలో ట్రయల్ వాడినట్టు రాసి ఉంది. సర్వర్ మీద ఆమె గడిపిన సమయం సున్నా నిమిషాలు. ఈ రెండూ పక్కపక్క గడుల్లోనే ఉన్నాయి. ఆ రోజు సపోర్ట్ లీడ్‌కి చూపించడానికి వేలు పెడితే సరిపోయేది.

ఇండియాకి వెళ్ళిపోయే రోజు ఆమె ఎయిర్‌పోర్ట్ నుంచి ఫోన్ చేసింది. తిడుతుందేమోనని భయపడుతూ ఎత్తాను. తిట్టినా బాగుండేది.

“అన్నా, సపోర్ట్ మేడం నాకు ఇంకో మెయిల్ పెట్టింది. సారీ చెప్పింది. మా ఇంజనీర్‌ని అడిగి మరీ కన్ఫర్మ్ చేసుకున్నాం అని రాసింది. ఆ ఇంజనీర్ ఎవరోగానీ అన్నా, వాడికి నా గురించి ఏం తెలుసని? మీరు మాత్రం నా కోసం మస్తు ట్రై చేశారు. థాంక్స్ చెబుదామని చేసిన.”

“పర్లేదమ్మా,” అన్నాను.