ఎవరికైనా ఇదే మాట

మా బంగార్రాజుగారి లాడ్జిని లాడ్జి అంటే ఆయనకు ఒళ్ళు మండుతుంది. రెసిడెన్సీ అనాలట. చోడవరం మెయిన్ రోడ్డులో ఉన్న ఆ మూడంతస్తులకీ బోర్డు మార్చాడు గానీ, దోమలు పాతవే. కింద టిఫిన్ల కొట్టు నాది కాబట్టి, అక్కడి భాగోతమంతా చూసే ఖర్మ నాకు పట్టింది.

ఆ భవనంలో నేను లెక్కచేసే మనిషి ఒక్కతే. గోవాడ నుంచి రోజూ బస్సులో వచ్చి కౌంటర్లో కూర్చునే నూకరత్నం. అక్కడ గదికి రెండు రేట్లు. మామూలు రేటుకి తీసుకుంటే, ముందురోజులోగా వద్దన్నా డబ్బులు వెనక్కిస్తారు. రెండోది తక్కువ రేటు. మొత్తం ముందే కట్టాలి, రద్దు చేసుకుంటే పైసా రాదు. రత్నం ఆ ముక్క ఫోన్లో విడమరిచి చెప్పి, వాట్సాప్‌లో పంపి, అవతలి నుంచి సరే అని వచ్చాకే గది ఖాయం చేసేది. అందరూ సరే అనేవాళ్ళే. తక్కువ అన్న మాట చెవిన పడ్డాక మిగతాది వినే ఓపిక మన జనానికి ఎక్కడిది!

ఆమధ్య దేవరాపల్లి నుంచి ఝాన్సీ అనే ఆవిడ ఫోన్ చేసింది. మామగారు ఆసుపత్రిలో పడ్డారు, గది అక్కర్లేదు, డబ్బులిస్తారా అని అడిగింది. రత్నం ముందు పెద్దాయన ఎలా ఉన్నారో అడిగింది. తర్వాత మెల్లగా చెప్పింది. "డబ్బులు వెనక్కి రావమ్మా, ఆ రేటు అలాంటిది. తేదీ ఒకసారి మార్చుకోవచ్చు. లేదంటే మీ వాళ్ళెవరి పేరునైనా గది రాసేస్తాను. ఎవరికైనా ఇదే మాటమ్మా." ఆవిడ నొచ్చుకోలేదు, తేదీ తర్వాత చెబుతానంది. నొచ్చుకున్నది రత్నమే. ఆ పూట నా కొట్లో ఇడ్లీ ముట్టలేదు.

అలా ఉండగా ఉదయ్‌కుమార్ దిగాడు. కె.కోటపాడు మనిషే, విశాఖలో కాంట్రాక్టులు చేసి నాలుగు రాళ్ళు వెనకేశాక నల్లకళ్ళద్దాలు తీయడం మానేశాడు. బావమరిది గృహప్రవేశానికని తక్కువ రేటుకే మూడు గదులు తీసుకున్నాడు. ఇప్పుడు వద్దట. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలీలేదు. పిలుపు కార్డులో ఈయన పేరు చిన్నల్లుడి పేరు కింద వేశారట!

"ఏటమ్మా, గదిలో అడుగే పెట్టలేదు, డబ్బులెందుకివ్వరు?" అని కౌంటరు మీద చరిచాడు.

"మీకు కష్టంగా ఉంటాది, నాకు తెలుసు బాబూ. గానీ ఈ గదులు మీకోసం ఆపేసి, అడిగినోళ్ళకి లేవని చెప్పేను. అందుకే ఆ రేటుకి డబ్బులు వెనక్కి రావు. తేదీ మార్చమంటారా? పోనీ మీ అత్తారి తరపు చుట్టాల పేరున రాసీమంటారా?"

"ఆళ్ళకా! తాళాలేసి ఉంచండి గానీ ఆళ్ళకి మాత్రం ఇవ్వొద్దు!"

ఇంతలో బంగార్రాజుగారు మెట్లు దిగాడు. ఆ రూలు పెట్టిన మహానుభావుడు ఈయనే. కస్టమరు ఏడ్చినా కరగొద్దని రత్నానికి పాఠం చెప్పినవాడు. కారు చూశాడు, కళ్ళద్దాలు చూశాడు, కరిగిపోయాడు.

"మా ఆఫీసోళ్ళందర్నీ ఇక్కడే దింపుదావనుకున్నాను," అన్నాడు ఉదయ్‌కుమార్.

"అయ్యో, మీరు మనోళ్ళు! రత్నం, బాబుగారి డబ్బులు పంపించీ."

రత్నం మొహం పాలిపోయింది. తను ఝాన్సీకిచ్చిన మాట ఒక్క కూతతో అబద్ధమైపోతోంది. ఫోన్ తీసి, నంబరు నొక్కి స్పీకర్లో పెట్టింది.

"ఎవరికే?" అన్నాడు యజమాని.

"దేవరాపల్లి ఝాన్సీగారికండి. బాబుగారికి ఇస్తన్నాం కదా, ఆవిడికీ ఇచ్చేద్దాం. ఎవరికైనా ఇదే మాటని చెప్పేను. తర్వాత ఇలాగే డబ్బులు పోయిన మిగతా వాళ్ళకీ చేస్తాను."

ఫోన్ మోగుతోంది. మిగతా వాళ్ళు ఎంతమందో బంగార్రాజుగారి మొహంలో లెక్క నడిచింది. అంతే, పెద్దమనిషి గొంతు సవరించుకుని, ఎదుటివాడి కళ్ళద్దాలకేసి చూడకుండా అన్నాడు:

"అదేటంటే బాబూ... రూలు రూలే. మీకు కష్టంగా ఉంటాది, నాకు తెలుసు. తేదీ మార్చమంటారా?"

మాటలు రత్నానివే. ఆయన నోట్లో పడి చల్లారిన పకోడీల్లా తయారయ్యాయి. ఉదయ్‌కుమార్ అందరినీ తిట్టి, చివరికి తేదీ మార్పించుకునే పోయాడు.

"హలో, ఏటమ్మా పిలిసేవు?" అంది, ఆ తిట్ల మధ్యలోనే ఫోన్ ఎత్తిన ఝాన్సీ.

రత్నం స్పీకర్ తీసేసి ఫోన్ చెవిన పెట్టుకుంది.

"ఏం లేదమ్మా. మామగారికి ఎలా ఉంది? ఆ రోజు ఎవరికైనా ఇదే మాటని చెప్పేను కదా. అది అబద్ధం కాదని చెబుదావని."