హెచ్.264 అని రాసిన ఉత్తరం

మా బడిలో కంప్యూటర్లు చూసుకునే కోఆర్డినేటర్ టీచర్లందరికీ ఉత్తరం పంపిన రోజు నాకు ఒళ్లు మండింది. పాకాలలో ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, నిన్నగాక మొన్న వచ్చిన కుర్రాడు నాకు రూల్సు పెట్టడమా? "పాఠాల వీడియోలు 720పీలో తీస్తే చాలు. సైజు రెండు వందల ఎంబీ దాటకూడదు. ఫార్మాట్ ఎంపీ4, హెచ్.264." ఆ చివరిది ఏదో ఆఫీసు ఉత్తర్వు నంబరు కాబోలు అనుకుని వదిలేశాను.

ఆ వారమే పదో తరగతి పిల్ల ఒకతి కాలు విరిగి కాణిపాకంలో ఇంట్లో మంచాన పడింది. పరీక్షలు నెలలో ఉన్నాయి. "ఈ యేడు పోతే మళ్లా బడికి పంపరు మేడం" అని ఫోన్లో ఏడ్చింది. వృత్తానికి స్పర్శరేఖలు గీయడం దానికి ఎప్పుడూ రాదు.

దానికోసమే కొత్త ఫోన్లో పాఠం తీశాను. సైజు మించకుండా మూడు ముక్కలు చేశాను. ఫైలు పేరు చివర మూవ్ అని ఉంటే, కంప్యూటర్లో అది చెరిపి, ఉత్తరంలో ఉన్నట్టే ఎంపీ4 అని కొట్టాను. బడి వెబ్‌సైటులో అప్‌లోడ్ అయిపోయింది. ఇంతేనా వీళ్ల బ్రహ్మవిద్య అనుకున్నాను.

మూడు రోజుల తర్వాత ఫోన్ చేసి, "పాఠం చూసినావామ్మా?" అన్నాను.

"విన్నాను మేడం. బొమ్మ రాలేదు, అంతా నల్లగా ఉండాది. మా నాయన ఫోను పాతది కదా, దాని తప్పే అనుకున్నా. మీ మాటలు విని ఐదుసార్లు గీసినా, కుదరలా."

నా తల కొట్టేసినట్టయింది. నేరుగా కోఆర్డినేటర్ గదికి వెళ్లి, చేసింది దాచకుండా చెప్పాను.

"పేరు మారిస్తే లోపలి వీడియో మారదు మేడం. మీ ఫోను హెచ్.265 అనే కొత్త పద్ధతిలో తీస్తాది. పాత ఫోన్లు శానా వరకు దాన్ని చూపించలేవు, మాట ఒకటే వినిపిస్తాది. అందుకే 264 రాసినా."

"ముందే నాకు విడమరిచి చెప్పి ఉండచ్చు కదప్పా!"

"మీకు చెప్పే ధైర్యం యాడిది మేడం?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. మూడు ముక్కలనూ కలిపి, హెచ్.264లోకి మార్చి, 720పీకి తగ్గించి, రెండు వందల ఎంబీ లోపే ఉంచి మళ్లీ ఎక్కించాడు. ఇకముందు ఇబ్బంది లేకుండా నా ఫోన్ కెమెరా సెట్టింగు కూడా మార్చిచ్చాడు. ఒక్క మాట దెప్పలేదు, మహానుభావుడు.

సాయంత్రానికల్లా పిల్ల నోటుపుస్తకం ఫొటో పంపింది. బయటి బిందువు నుంచి రెండు స్పర్శరేఖలు, చక్కగా వృత్తాన్ని తాకుతూ.

పరీక్షకు కర్ర ఊతంతో వచ్చింది, పాసైంది. ఫలితం తెలియగానే నాకే మొదట ఫోన్ చేసింది. "నాకు కాదే పిల్లా, నీకు బొమ్మ కనిపించేట్టు చేసిన కంప్యూటర్ సారుకు చెప్పు" అంటూ పరిగెత్తి ఆయన చేతికి ఫోనిచ్చాను. పాఠం చెప్పని మనిషికి ఏ పిల్లా ఎప్పుడూ ఫోన్ చేసి ఉండదు. కుర్చీలోంచి లేచి నిలబడి విన్నాడు.